మూడు రేట్లు, రెండు దారులు: త్రికోణ ఆర్బిట్రేజ్‌లో ఎటు తిరగాలి, ఏ పద్ధతిలో లెక్కించాలి

గుంటూరు బ్రాడీపేటలో సాయంత్రం పూట సీఎంఏ, సీఏ ఫైనల్ పిల్లలకు ఫారెక్స్ లెక్కలు చెప్తుంటాను. మొన్న ఒక లెక్క ఇచ్చి పుస్తకాలు తెప్పించుకుంటే ఒకరికి ₹652 లాభం, ఒకరికి ₹1,495 నష్టం, ఇంకొకరికి ₹1,075 లాభం వచ్చాయి. నాలుగో అబ్బాయి ₹1,497 లాభమని రాసి కింద రెండు గీతలు కూడా కొట్టాడు. కూడికలు, భాగహారాలు నలుగురివీ తప్పు లేవు. వాళ్లు ఎంచుకున్న దారీ, ఎంచుకున్న రేటూ వేరు, అంతే.

ఆ లెక్క ఇదీ. అంకెలు నేను వేసినవే, ఏ రోజు మార్కెట్టువీ కావు. చేతిలో పది లక్షల రూపాయలున్నాయి. తెర మీద మూడు కొటేషన్లు కనిపిస్తున్నాయి:

```
USD/INR   85.00  / 85.02
EUR/USD   1.1000 / 1.1002
EUR/INR   93.60  / 93.64
```

రూపాయలతో మొదలుపెట్టి, డాలరు, యూరోల మీదుగా తిరిగి రూపాయల్లోకే రావాలి. వచ్చినప్పుడు పది లక్షల కన్నా ఎక్కువుంటే ఆ ఎక్కువే లాభం. రేట్ల మధ్య తేడాతో ఇలా లాభం చేసుకోవడమే త్రికోణ ఆర్బిట్రేజ్. మూడు కరెన్సీలు కాబట్టి తిరగడానికి దారులు రెండే. డాలరు ముందు కొని తర్వాత యూరో కొనడం ఒకటి, యూరో ముందు కొని తర్వాత డాలరుకు మార్చడం రెండోది.

దారి ఎంచుకునే ముందు ప్రతి కొటేషన్‌లోనూ మనకు వర్తించే రేటు ఏదో తేల్చుకోవాలి. తొంభై శాతం మంది తప్పటడుగు వేసేది ఇక్కడే అని నా అనుభవం. మన ఊరి మిర్చి యార్డు తెలిసిన వాళ్లకు ఇది కొత్త విషయం కాదు. వ్యాపారి దగ్గర టిక్కీకి, అంటే మిర్చి బస్తాకి, ఎప్పుడూ రెండు ధరలుంటాయి. మన సరుకు తీసుకునేటప్పుడు తక్కువ ధర చెప్తాడు, అదే సరుకు మనకు అమ్మేటప్పుడు ఎక్కువ చెప్తాడు. మధ్యలో ఉన్నది ఆయన బతుకుతెరువు. కొటేషన్‌లో ముందు రాసిన కరెన్సీ టిక్కీ, వెనక రాసినది ధర. USD/INR లో డాలరు సరుకు, రూపాయి ధర. ఎడమ పక్కది బిడ్, అంటే బ్యాంకు సరుకు కొనే ధర. కుడి పక్కది ఆస్క్, అంటే బ్యాంకు సరుకు అమ్మే ధర.

కాబట్టి మన చేతిలో సరుకు ఉంటే, అంటే ముందు రాసిన కరెన్సీ ఉంటే, దాన్ని బిడ్‌కు అమ్ముతాం, బిడ్‌తో గుణిస్తాం. చేతిలో ఉన్నది వెనక రాసిన కరెన్సీ అయితే సరుకు కొంటున్నాం, అప్పుడు ఆస్క్‌తో భాగిస్తాం. ఇంతకు మించి గుర్తుపెట్టుకోవడానికి ఏమీ లేదు. ప్రతి మెట్టు దగ్గరా ‘ఇప్పుడు నా చేతిలో ఉన్నది సరుకా, డబ్బా?’ అని మనల్ని మనం అడిగితే చాలు.

రెండు గీతలు కొట్టుకున్న అబ్బాయి చేసిన పొరపాటు ఇదే. డాలరు 85.00కి కొన్నాడు, యూరో 1.1000కి కొన్నాడు, చివర యూరోను 93.64కి అమ్మాడు. ఆ ధరలకు కొనేదీ అమ్మేదీ బ్యాంకే. “ఒరేయ్, నువ్వు కౌంటరుకు అవతలి పక్కన కూర్చుని లెక్క చేశావు” అంటే క్లాసంతా నవ్వింది. వాడూ నవ్వాడనుకోండి.

ఇక దారి సంగతి. దీనికి మూడు పద్ధతులున్నాయి.

మొదటిది, రెండు దారుల్లోనూ డబ్బును నిజంగా తిప్పి చూడడం. డాలరు దారిలో పది లక్షలను 85.02తో భాగిస్తే 11,761.94 డాలర్లు. వాటిని 1.1002తో భాగిస్తే 10,690.73 యూరోలు. వాటిని 93.60తో గుణిస్తే ₹10,00,652. లాభం ₹652. యూరో దారిలో పది లక్షలను 93.64తో భాగిస్తే 10,679.20 యూరోలు. 1.1000తో గుణిస్తే 11,747.12 డాలర్లు. 85.00తో గుణిస్తే దాదాపు ₹9,98,505. నష్టం ₹1,495. రెండో పుస్తకంలోని నష్టం ఇక్కడిదే. ఆ అమ్మాయి అంకెలు తప్పు చేయలేదు, రెండో దారి చూడకుండా పెన్ను మూసేసింది. ‘ఆర్బిట్రేజ్ లేదు’ అని రాసి మార్కులు పోగొట్టుకుంది.

ఈ పద్ధతి నమ్మకమైనది. డబ్బు ఎక్కడుందో ప్రతి మెట్టులోనూ కనిపిస్తుంది, పేపరు దిద్దేవాళ్లకూ కనిపిస్తుంది. కానీ సగం శ్రమ వృథా. రెండు దారుల్లో ఒకటి తప్పకుండా నష్టమే ఇస్తుంది, ఒక్కోసారి రెండూ నష్టమే ఇస్తాయి.

రెండో పద్ధతి క్రాస్ రేటు. యూరోను నేరుగా రూపాయలతో కొనకుండా, డాలరు మీదుగా కొంటే ఎంత పడుతుందో ముందు చూస్తాం. డాలరు కొనడానికి 85.02, ఆ డాలరుతో యూరో కొనడానికి 1.1002. రెండూ గుణిస్తే 93.539. అదే యూరోను డాలరు మీదుగా అమ్మితే 85.00ను 1.1000తో గుణించినంత, అంటే 93.50 వస్తుంది. అంటే డాలరు మీదుగా యూరో ధర 93.50 / 93.539. తెర మీది నేరు ధర 93.60 / 93.64. ఇప్పుడు రెండు దుకాణాల మధ్య పోలికే మిగిలింది. ఒక దుకాణంలో యూరో 93.539కి దొరుకుతోంది, పక్క దుకాణం దాన్ని 93.60కి కొంటోంది. ఎక్కడ కొని ఎక్కడ అమ్మాలో ఇంకెవరూ చెప్పక్కర్లేదు. యూరో మీద మిగిలేది ఆరు పైసలు. డాలరు దారే సరైనది.

ఈ పద్ధతిలో ఇంకో సుఖముంది. ఒక దుకాణం అమ్మే ధర రెండో దుకాణం కొనే ధర కన్నా తక్కువగా ఉంటేనే ఆర్బిట్రేజ్. రెండు ధరల జతలూ ఒకదాని మీద ఒకటి కాస్తయినా పడితే ఆర్బిట్రేజ్ లేదు, డబ్బు తిప్పనక్కర్లేదు. రెండు గుణకారాలతో తేలిపోతుంది.

మూడోది గుణకాల లబ్ధం. డాలరు దారి మొత్తాన్ని ఒకే వరసలో రాసేయొచ్చు:

```
93.60 / (85.02 × 1.1002) = 1.000652
```

ఒకటి కన్నా ఎక్కువ వస్తే లాభం, తక్కువ వస్తే నష్టం. పది లక్షలతో గుణిస్తే ₹652 ఎదురుగా వచ్చేస్తుంది. స్ప్రెడ్‌షీట్‌లో పెట్టుకునే వాళ్లకు ఇది హాయి. కాగితం మీద మాత్రం నేను దీన్ని సరిచూసుకోవడానికే వాడమంటాను. ఎక్కడో ఒక చోట బిడ్‌కు బదులు ఆస్క్ పడితే ఈ వరసలో పసిగట్టడం కష్టం. మధ్యలో డాలర్లెన్ని, యూరోలెన్ని అన్నది కనపడదు కదా.

కాబట్టి పరీక్ష రాసేవాళ్లకు నా సలహా ఇది. క్రాస్ రేటుతో దారి తేల్చుకోండి, తేలిన దారిలోనే డబ్బును మెట్టు మెట్టుగా తిప్పండి, చివర లబ్ధంతో ఒకసారి సరిచూసుకోండి. పైసల్లో తేడా వస్తే బెంబేలు పడొద్దు, యూరోలను రెండు దశాంశాలకు కుదించడం వల్ల అర్ధ రూపాయి దాకా అటూ ఇటూ అవుతుంది. రూపాయల్లో తేడా వస్తే మాత్రం ఎక్కడో రేటు తప్పు పట్టుకున్నట్టే.

మూడో పుస్తకం సంగతి ఇంకా చెప్పలేదు. ₹1,075 వచ్చిన అమ్మాయి బిడ్, ఆస్క్‌ల మధ్య రేటు తీసుకుంది. 85.01, 1.1001, 93.62. పాత ప్రశ్నల్లో ఒక్కో జతకూ ఒక్కటే రేటు ఇచ్చేవారు, ఆ అలవాటు. ఇక్కడ దారి సరిగ్గానే దొరికింది, లాభం మాత్రం ₹423 ఎక్కువ చూపించింది. ‘దారి సరిపోయింది కదా సార్’ అని ఆ అమ్మాయి అడిగింది కూడా. అందుకని నేరు కొటేషన్ ఒక్కటి మార్చి ఇంకో లెక్క వేశాను. మిగతా రెండూ అవే. EUR/INR మాత్రం 93.53 / 93.57.

మధ్య రేట్లతో చూస్తే 93.55ని 93.52తో పోల్చాలి. పది లక్షల మీద ₹326 లాభం ఉన్నట్టు కనిపిస్తుంది. నిజం రేట్లతో తిప్పి చూడండి. డాలరు మీదుగా యూరో 93.539కి కొని 93.53కి అమ్మాలి, ₹96 నష్టం. పోనీ ఎదురు దారిలో యూరో నేరుగా 93.57కి కొని డాలరు మీదుగా 93.50కి అమ్మితే ₹748 నష్టం. ఎటు తిరిగినా నష్టమే. మధ్య రేటు లేని లాభాన్ని చూపించింది. ప్రశ్నలో రెండు రేట్లు ఇచ్చారంటే ఆ తేడా కోసమే ఇచ్చారని అర్థం.

ఒక చిక్కు మాత్రం విడిగా చెప్పుకోవాలి. పై లెక్కలో క్రాస్ రేటుకు గుణకారమే సరిపోయింది, బిడ్‌ను బిడ్‌తో, ఆస్క్‌ను ఆస్క్‌తో. యెన్ వస్తే కథ మారుతుంది, ఎందుకంటే USD/INR, USD/JPY రెండింటిలోనూ డాలరే సరుకు. USD/JPY 150.00 / 150.10 అనుకుందాం. యెన్‌ను డాలరు మీదుగా అమ్మి రూపాయలు తెచ్చుకోవాలంటే ముందు యెన్ ఇచ్చి డాలరు కొనాలి, అది 150.10కి. ఆ డాలరును 85.00కి అమ్మాలి. మన దగ్గర యెన్‌ను నూటికి లెక్కగా చెప్తారు కాబట్టి 8,500ను 150.10తో భాగిస్తే వంద యెన్‌లకు ₹56.63. బిడ్‌ను బిడ్‌తోనే భాగించే అలవాటుతో 150.00తో భాగిస్తే ₹56.67 వస్తుంది. తేడా నాలుగు పైసలే. పైన మన లాభం మొత్తం ఆరు పైసలని గుర్తుంటే ఈ నాలుగు పైసలు ఎంత పెద్దవో తెలుస్తుంది. భాగహారం వచ్చిన చోట రేట్లు అడ్డంగా మారతాయి, ఒకదాని బిడ్‌ను రెండోదాని ఆస్క్‌తో భాగించాలి. ఇది బట్టీ పట్టనక్కర్లేదు, సరుకా డబ్బా అనే ప్రశ్న అడిగితే అదే వస్తుంది.

ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు, “సార్, మరి ఇది మనం చేయొచ్చా?” అని. విజయవాడ బీసెంట్ రోడ్డుకెళ్లి పది లక్షలు మార్చుకుని వచ్చేస్తే ₹652 మిగులుతాయా? మిగలవు. మొదట, కౌంటరులో దొరికే రేట్లు రెండు పైసల తేడాతో ఉండవు, రూపాయల తేడాతో ఉంటాయి. అది పక్కన పెట్టి, తెర మీది రేటే మనకూ ఇచ్చారనుకుందాం. కరెన్సీ మార్పిడి మీద జీఎస్టీ ఉంది. బ్యాంకులు వాడే శ్లాబుల లెక్కలో, లక్ష దాటి పది లక్షల వరకు మార్చే మొత్తానికి సేవ విలువ వెయ్యి రూపాయలు, దానికి తోడు లక్షకు పైబడిన మొత్తంలో అర శాతం. పది లక్షలకు అది ₹5,500, దాని మీద 18 శాతం అంటే ₹990. రూపాయలు డాలరు చేసేటప్పుడు ఒకసారి, యూరో రూపాయలు చేసేటప్పుడు ఇంకోసారి. ఈ రెండు మెట్లకే ₹1,980 అవుతుంది. మధ్య మెట్టు లెక్కలోకే రాలేదు, ₹652 అప్పుడే మూడు రెట్లు మునిగింది. పైగా విదేశీ మారకాన్ని నియంత్రించే ఫెమా చట్టం ప్రకారం ఇక్కడ ఉండేవాళ్లు విదేశీ కరెన్సీ కొనేది అనుమతించిన అవసరాలకే, అధీకృత డీలర్ల దగ్గరే. తిప్పి లాభం చేసుకోవడం ఆ అవసరాల్లో లేదు. ఫోన్‌కు మెసేజ్ పెట్టి ఆర్బిట్రేజ్ యాప్‌లో డబ్బు పెట్టమనేవాళ్ల గురించి ఎక్కువ చెప్పను. అలాంటి అనధికార వేదికల పేర్లతో రిజర్వ్ బ్యాంకు 2022 నుంచి ఒక అలర్ట్ లిస్టు పెడుతోంది, చూసుకోండి.

బ్యాంకులు తమలో తాము విదేశీ కరెన్సీ కొని అమ్ముకుంటే మాత్రం ఆ జీఎస్టీ లేదు. రేట్ల తేడా పైసల్లో ఉంటుంది, మొత్తాలు లక్షల డాలర్లలో ఉంటాయి. అందుకే ఈ ఆట వాళ్లది. వాళ్లకూ ఒక గండం ఉంది. మూడు మెట్లూ ఒకే క్షణంలో పడాలి. డాలరు కొన్నారు, యూరో కొన్నారు, ఆ లోపు చివరి రేటు 93.60 నుంచి 93.52కి జారింది. బ్రేక్ ఈవెన్, అంటే లాభం నష్టం రెండూ లేని రేటు, మనకు తెలుసు, 93.539. చేతిలో యూరోలున్నాయి, లాభం లేదు, పది లక్షల మీద ₹203 నష్టం. మూడో మెట్టు పూర్తయ్యేదాకా అది ఆర్బిట్రేజ్ కాదు, యూరో పెరుగుతుందని కాసిన పందెం. ఈ పని మనుషుల చేతుల్లోంచి కంప్యూటర్ల చేతికి పోవడానికి కారణం ఇదే. తెర మీద అంత పెద్ద తేడా కనిపించి అలాగే నిలబడి ఉందంటే, మూడు కొటేషన్లలో ఒకటి పాతబడిందేమోనని ముందు అనుమానించాలి.

మరి ఈ లెక్క మన ఊళ్లో ఎవరికీ పనికిరాదా అంటే, పనికొస్తుంది, చుట్టు తిరగాల్సిన పని లేని వాళ్లకు. మా బాబాయి వరస ఆయన ఒకరు మిర్చి పొడి ఎగుమతి చేస్తారు. ఒకసారి యూరప్ నుంచి పది వేల యూరోలు వచ్చాయి. ఆయనకు ఎలాగూ యూరోలు అమ్మాలి, రూపాయలు కావాలి. ఎంచుకోవాల్సింది ఒక్కటే, యూరోలను నేరుగా రూపాయల్లోకి మార్చమనాలా, లేక డాలరు మీదుగానా? త్రికోణంలో ఒక వైపు ఒక గీత, ఇంకో వైపు రెండు గీతలు.

తెర మీది రేట్లు చూస్తే సందేహమే లేదు. నేరుగా 93.60, డాలరు మీదుగా 93.50. పది వేల యూరోలకు వెయ్యి రూపాయల తేడా. కానీ బ్యాంకు ఖాతాదారుకు తెర రేటు ఇవ్వదు, తన మార్జిన్ తీసుకుని ఇస్తుంది. ఆ మార్జిన్ అన్ని జతలకూ ఒకేలా ఉండదు. డాలరుకు రోజూ బేరం జరుగుతుంది కాబట్టి తక్కువ ఉంటుంది, యూరోకు ఎక్కువ ఉండొచ్చు. ఉదాహరణకు బ్యాంకు నేరు యూరో మీద 40 పైసలు, డాలరు మీద 10 పైసలు, యూరో డాలరు జత మీద 0.0010 తగ్గించి ఇచ్చిందనుకుందాం. అప్పుడు నేరు రేటు 93.20. డాలరు మీదుగా 1.0990ని 84.90తో గుణిస్తే 93.3051. పది వేల యూరోలకు నేరుగా ₹9,32,000, డాలరు మీదుగా ₹9,33,051. తెర మీద ఓడిపోయిన దారి కౌంటరు దగ్గర ₹1,051 గెలిచింది.

బాబాయి అప్పుడే బ్యాంకుకు ఫోన్ చేయబోయాడు. “ఆగు బాబాయ్, ముందు ఒకటి అడుగు. డాలరు మీదుగా మారిస్తే దాన్ని ఒక మార్పిడిగా చూపిస్తారా, రెండుగా చూపిస్తారా?” అన్నాను. ఈ మొత్తానికి ఒక మార్పిడి మీద జీఎస్టీ సుమారు ₹930 పడుతుంది. రెండుగా చూపిస్తే ఇంకో ₹900 పైచిలుకు అదనం, మిగిలేది వంద రూపాయలకు అటూ ఇటూ. ఆయనకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంది కాబట్టి ఆ పన్ను ఇన్‌పుట్ క్రెడిట్‌గా తర్వాత వెనక్కి తెచ్చుకోవచ్చు, రిజిస్ట్రేషన్ లేనివాళ్లకు ఆ అవకాశం లేదు. ఇంకా రెండు రేట్లూ ఒకే నిమిషంలో, ఒకే ఫోన్ కాల్‌లో తీసుకోమన్నాను. పొద్దున నేరు రేటు, మధ్యాహ్నం డాలరు రేటు పెట్టుకుని పోలిస్తే అది మార్జిన్ల తేడా చెప్పదు, ఆ మూడు గంటల్లో మార్కెట్టు ఎటు కదిలిందో చెప్తుంది.

ఆయన కాసేపు ఆలోచించి, “యార్డులో అయితే రెండు కమీషన్ దుకాణాల్నీ ఒకేసారి పిలిచి అడుగుతాం కదరా, అలాగన్నమాట” అన్నాడు. రెండు రేట్లూ ఒక కాగితం మీద రాసుకుని, పక్కన జీఎస్టీ ఎన్నిసార్లు అని ఒక గడి గీసుకుని, ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు.